పెద్ద కన్నం పడితే బ్రెడ్డు బాగా వచ్చినట్టేనా? క్రంబ్ ఫోటోలు పోల్చి చూసే పద్ధతి

మొన్న వేసవిలో వరసగా మూడు ఆదివారాలు మూడు సోర్‌డో రొట్టెలు, అంటే కొన్న ఈస్టు వేయకుండా పులియబెట్టినవి, కాల్చాను. మొదటిదాన్ని కోయగానే మధ్యలో నిమ్మకాయ పట్టేంత కన్నం కనబడింది. ఎగిరి గంతేసినంత పని చేసి, ఫోటో తీసి బెంగళూరులో ఉన్న మా వదినకు పంపాను. ఆవిడ నాకంటే నాలుగేళ్ళ ముందు నుంచీ రొట్టెలు కాలుస్తోంది. పది నిమిషాలకు జవాబొచ్చింది: "కన్నం సంగతి సరే, దాని చుట్టూ ఏముందో చూశావా? సరిగ్గా పులియని పిండితో వేసిన ఇడ్లీలా లేదూ?"

నేను ఒప్పుకోలేదు. మిగతా రెండు రొట్టెల ఫోటోలు కూడా తీసి పక్కన పెట్టి, మొదటిదే గొప్పదని నిరూపిద్దామనుకున్నాను. తీరా చూస్తే మొదటి ఫోటో రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద తీసింది, రెండోది కిటికీ దగ్గర, మూడోది ఫ్లాష్ వేసి. ఒకదాంట్లో రొట్టె స్క్రీనంతా నిండిపోయి ఉంది, ఇంకోదాంట్లో వెనక స్టవ్వు, గిన్నెలు, మా అబ్బాయి చెయ్యి కూడా ఉన్నాయి. వాటిని చూసి ఏది బాగా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ మూడు రొట్టెలు కాల్చాను, ఈసారి ఒక పద్ధతి పెట్టుకుని. ఆ పద్ధతే ఇది. చెన్నై వేళచ్చేరిలో మామూలు అపార్ట్‌మెంట్ వంటిల్లు, మామూలు ఓటీజీ, ఫోను. ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.

రొట్టె కోస్తే లోపల కనబడే మెత్తటి భాగాన్ని క్రంబ్ అంటారు. ఇడ్లీని విరిచి గుల్లగా వచ్చిందా, బిళ్ళ కట్టిందా అని చూడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇక్కడా అదే చూపు కావాలి. కాకపోతే వేరువేరు రోజుల్లో కాల్చినవాటిని పక్కపక్కన పెట్టి చూడాలి కాబట్టి ఫోటో తప్పదు. ఫోటో వచ్చిందంటే దాని మోసాలూ దాంతోపాటే వస్తాయి.

ముందు, రొట్టెకూ రొట్టెకూ మధ్య ఒక్కటే మార్చండి

ఈసారి కాల్చిన మూడు రొట్టెలకూ కొలతలు ఒకటే. మైదా 360 గ్రాములు, గోధుమపిండి 40, నీళ్ళు 270, బాగా పొంగిన స్టార్టర్, అంటే పిండీ నీళ్ళూ కలిపి ముందే పులియబెట్టుకున్న ముద్ద, 80, ఉప్పు 8. మార్చింది ఒక్కటే: కలిపిన పిండిని గిన్నెలో ఎంతసేపు పులియనిచ్చానన్నది. మొదటిదానికి రెండు గంటలు, రెండోదానికి మూడు, మూడోదానికి నాలుగున్నర. వంటింట్లో వేడి మూడు రోజులూ 32 డిగ్రీల దగ్గరే ఉంది. ఆ తర్వాత ముద్దను చుట్టి, గిన్నెలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే మూతపెట్టిన బరువైన ఇనప గిన్నెలో కాల్చడం మూడింటికీ ఒక్కలాగే.

పిండి రకం మార్చి, నీళ్ళు మార్చి, సమయం కూడా మార్చేస్తే మూడు ఫోటోలు చూసి మీకు తెలిసేది మూడు రొట్టెలు మూడు రకాలుగా ఉన్నాయని మాత్రమే. ముఖ్యంగా మైదా రొట్టె ఫోటోనీ, పూర్తి గోధుమపిండి రొట్టె ఫోటోనీ పోల్చకండి. గోధుమపిండిలోని తవుడు ముక్కలు బుడగల గోడల్ని అక్కడక్కడా తెంపేస్తాయి. అందుకే అది ఎంత బాగా పులిసినా కన్నాలు చిన్నగానే ఉంటాయి. అది తప్పు కాదు, దాని తీరే అంత. ఇంటర్నెట్‌లో కనబడే విదేశీ రొట్టెలతో పోల్చుకోవడం కూడా అలాంటిదే. వాళ్ళు ఎక్కువ ప్రోటీన్ ఉన్న బ్రెడ్ పిండి వాడతారు, మనం కిరాణాకొట్టు మైదా వాడతాం.

సమయంతో పాటు పిండి ఎంత పొంగిందో కూడా రాసుకోవాలి. నేను పిండి కలపగానే ఒక నిమ్మకాయంత ముద్ద తీసి, నిలువు గోడలున్న చిన్న గాజుగ్లాసులో నొక్కి, ఆ మట్టానికి రబ్బరుబ్యాండు వేసి పెద్ద గిన్నె పక్కనే పెడతాను. పెద్ద గిన్నెలో పిండి ఎంత లేచిందో కంటితో చెప్పడం కష్టం, గ్లాసులో స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎండలు భరించలేక ఐసునీళ్ళతో పిండి కలిపితే గ్లాసులోని చిన్న ముద్ద తొందరగా వేడెక్కి, పెద్ద ముద్ద కంటే ముందే పొంగుతుంది. అప్పుడు గ్లాసు మాట నమ్మకూడదు. నా గ్లాసు లెక్క ఇదీ: రెండు గంటలకు పొంగీ పొంగనట్టు, అంటే పది పదిహేను శాతం. మూడు గంటలకు మూడోవంతు పైన. నాలుగున్నరకు రెట్టింపు.

కోత

పొయ్యిలోంచి తీశాక కనీసం రెండు గంటలు జాలీ మీద చల్లారాలి. నేను మూడు గంటలు ఆగుతాను. వేడి రొట్టెలో పిండిపదార్థం ఇంకా గట్టిపడి ఉండదు, ఆవిరి లోపలే ఉంటుంది. అప్పుడు కోస్తే కత్తి బుడగల గోడల్ని రుద్దుకుంటూ పోయి లోపలంతా ముద్దకట్టినట్టు కనబడుతుంది. బ్రహ్మాండంగా పులిసిన రొట్టె కూడా ఫోటోలో పచ్చిగా ఉందనిపిస్తుంది. ఇంట్లో వాసనకు అందరూ చుట్టూ చేరతారు. వాళ్ళకు అప్పటికప్పుడు కావాలంటే ఒక చివర కోసి ఇవ్వండి, మధ్యభాగం ముట్టుకోకండి.

కోసేది రంపపు పళ్ళున్న బ్రెడ్ కత్తితోనే. కూరగాయల కత్తి అయితే కోయడానికి బదులు నొక్కుతుంది. నొక్కిన చోట కన్నాలు మూసుకుపోయి, ఆ మేర ఫోటో అబద్ధం చెబుతుంది. కత్తిని పొడుగ్గా లాగుతూ, బరువు వేయకుండా రొట్టెను సరిగ్గా మధ్యకు, అడ్డంగా రెండు ముక్కలు చేయండి. ప్రతిసారీ మధ్యలోనే. అదే రొట్టెను చివరికి నాలుగు వేళ్ళ దూరంలో కోస్తే పూర్తిగా వేరే రొట్టెలా ఉండొచ్చు.

ఆ మాటకొస్తే ఒక్క కోత కూడా చాలదు. మధ్యలో ఒక ఫోటో తీశాక, మిగిలిన సగాన్ని మళ్ళీ మధ్యకు కోసి ఇంకో ఫోటో తీయండి. రెండు చోట్లా ఒకే కథ కనబడితే అది పులియడానికి సంబంధించిన కథ. ఒక్కచోటే కనబడితే అది చుట్టేటప్పుడు జరిగిన ఏదో చిన్న పొరపాటు. ఈసారి కాల్చినవాటిలో మొదటి రొట్టెలోనూ నిమ్మకాయంత కన్నం పడింది, కానీ రెండో కోతలో అది లేదు. దాని బదులు పైపెచ్చు దగ్గర అంతకంటే చిన్నది ఇంకోటి ఉంది. చుట్టూ ఉన్న బిగుతు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఫోటో

పల్చటి స్లైసును చేత్తో పట్టుకుని వెలుతురుకు ఎత్తి తీసే ఫోటోలు చాలా అందంగా ఉంటాయి. వెలుతురు గోడల్లోంచి దూసుకొచ్చి ప్రతి రొట్టే తేనెపట్టులా మెరుస్తుంది. పోల్చడానికి అవి పనికిరావు. సగం రొట్టెను నిలబెట్టి, కోసిన ముఖం మీవైపు ఉండేలా పెట్టి తీయండి.

వెలుతురు పక్క నుంచి రావాలి. కన్నం కన్నంలా కనబడేది దానిలో పడే నీడ వల్లే. ఫ్లాష్ ఎదురుగా కొడుతుంది కాబట్టి నీడలన్నీ చెరిగిపోయి, గుల్లగా ఉన్న రొట్టె కూడా చదునుగా, బిగుతుగా కనబడుతుంది. వెలుతురు మరీ ఏటవాలుగా, ముఖాన్ని రాసుకుంటూ వస్తే అందుకు రివర్స్: చిన్న గుంట కూడా గుహలా కనబడుతుంది. అందుకని ఒక చోటు ఎంచుకుని దాన్ని మార్చకండి. నాది బాల్కనీ తలుపు పక్కన స్టూలు. మాకు తూర్పు బాల్కనీ, పొద్దున ఎనిమిదింటికే ఎండ కత్తిలా దిగుతుంది. తెల్ల కర్టెన్ వేసి, పదకొండు ప్రాంతంలో తీస్తాను. ట్యూబ్‌లైటు, ఫ్యాను రెండూ ఆపేస్తాను. ఫ్యాను దేనికంటారా? కోసిన ముఖం దాని గాలికి ఎండి అంచులు గరుకుతేలతాయి. కోసిన పది నిమిషాల్లోపు ఫోటో అయిపోవాలి.

ఫోనును ముఖానికి సమాంతరంగా పట్టుకుని, జానెడున్నర దూరం జరిగి, రెండింతల జూమ్‌లో తీయండి. దగ్గరకెళ్ళి మామూలు లెన్సుతో తీస్తే మధ్యభాగం ముందుకు ఉబ్బినట్టు వచ్చి అక్కడి కన్నాలు ఉన్నవాటికంటే పెద్దగా కనబడతాయి. బ్యూటీ మోడ్, ఫుడ్ మోడ్ లాంటివి ఆపేయండి. అవి గోడల్ని నున్నగా చేసేస్తాయి, మనకు కావలసింది ఆ గోడలే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది పది రూపాయల బిళ్ళ. దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, ఎక్కడైనా అంతే. దాన్ని రొట్టె ముందు బల్లమీద పడేయకుండా, కోసిన ముఖం ఏ వరసలో ఉందో ఆ వరసలోనే, పక్కన ఆనించి నిలబెట్టండి. ముందుకు జరిగితే బిళ్ళ పెద్దదై రొట్టె చిన్నదైపోతుంది. బిళ్ళ వెనక ఒక తెల్లకాగితం చీటీ, దానిమీద తేదీ, గ్లాసు లెక్క. తెల్లకాగితం ఉంటే ఫోటో పచ్చగా వచ్చిందా, నీలంగా వచ్చిందా అన్నది కూడా తెలిసిపోతుంది. వెనక నల్ల చార్టుముక్క పెడితే రొట్టె అంచు స్పష్టంగా ఉంటుంది. స్టీలు పళ్ళెం వద్దు, దాని మెరుపు కిందిభాగం మీద పడుతుంది. మనం ఎక్కువగా చూడాల్సింది కిందిభాగమే.

ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, సన్నటి గోడలు అలుక్కుపోతాయి. హెచ్‌డీలో గానీ డాక్యుమెంటుగా గానీ పంపండి. నేను మొదట పంపిన ఫోటోల్లో సగం వాదన దీనివల్లే వచ్చింది.

పక్కపక్కన పెట్టడం

మూడు ఫోటోల్నీ కొలాజ్ చేసేటప్పుడు చేయి తనంతట తానే చేసే పొరపాటు ఒకటుంది. మూడు రొట్టెలూ సమానంగా కనబడాలని వాటి వెడల్పును సమానం చేస్తాం. అలా చేయకండి. సమానం చేయాల్సింది బిళ్ళల్ని. మూడింట్లోనూ పది రూపాయల బిళ్ళ ఒకే సైజుకు వచ్చేదాకా ఫోటోను పెంచడమో తగ్గించడమో చేయండి. పొంగకుండా కూర్చుండిపోయిన రొట్టెను గడి నిండేలా పెంచితే దాని కన్నాలు కూడా పెరిగి, అది బాగా పొంగిన రొట్టెలా ముస్తాబవుతుంది. బిళ్ళలు సమానం చేశాక చూస్తే నా మూడో రొట్టె ఎత్తు రెండోదానిలో మూడింట రెండొంతులే ఉంది. అంతకుముందు ఆ సంగతి నా కంటికి ఆనలేదు.

తర్వాత ఫోటోల్ని నలుపు తెలుపు చేయండి. పైపెచ్చు ఎర్రగా నిగనిగలాడుతుంటే లోపల కూడా బాగుందనిపించడం సహజం. రంగు తీసేస్తే కన్ను నేరుగా కన్నాల మీదికి పోతుంది. పైపెచ్చు రంగుతో తర్వాత పని ఉంది, అందుకని రంగు ఫోటో కూడా దాచుకోండి. కుదిరితే చీటీలు కనబడకుండా కత్తిరించి, ఏది ఏదో తెలియని మనిషికి చూపించండి. మా ఆయనకు చూపిస్తే "ఏది తినడానికి బావుంటుంది?" అన్న నా ప్రశ్నకు ఏమాత్రం తడుముకోకుండా రెండోది చూపించాడు. అప్పటికీ నా ఓటు మొదటిదానికే.

తొమ్మిది గళ్ళు

ఇప్పుడు ఫోటో ఎడిట్‌లో గీతలు గీసి, ఒక్కో రొట్టె ముఖాన్ని నిలువునా మూడు, అడ్డంగా మూడు భాగాలు చేయండి. తొమ్మిది గళ్ళొస్తాయి. ఒక్కో గడిని విడిగా చూస్తూ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇందులో ఉన్న అతి పెద్ద కన్నాన్ని వేలితో మూసేస్తే, మిగతాదంతా ఎలా ఉంది? గుల్లగా ఉంటే టిక్కు, బిళ్ళకట్టి ఉంటే ఇంటూ. అంతే. కన్నాలు లెక్కపెట్టడం, కొలవడం ఏమీ వద్దు.

నా మొదటి రొట్టె, అంటే రెండు గంటలే పులిసినది, ఇలా వచ్చింది. పైవరసలో నిమ్మకాయ కన్నం రెండు గళ్ళను మింగేసింది. దాన్ని మూస్తే మిగిలిన అంచు దళసరిగా, సందుల్లేకుండా ఉంది. మధ్యవరసలో అక్కడక్కడా బఠాణీ గింజంత కన్నాలు, వాటి మధ్య వేలు వెడల్పున బిగుసుకుపోయిన పిండి. కిందివరస మూడు గళ్ళూ దాదాపు మైనం. ముఖ్యంగా కింది రెండు మూలల్లో ఒక్క బుడగ కూడా విచ్చుకోలేదు. తొమ్మిదింటికి ఒక్క టిక్కు, అదీ దయతలచి వేసింది.

ఇది సరిగ్గా పులియని రొట్టెకు అచ్చమైన ఆనవాలు. ఎందుకిలా వస్తుందంటే, పులియడం సరిపోకపోతే పిండిలో గ్యాసు కొద్దిచోట్లే పోగవుతుంది, చాలాచోట్ల బుడగలు మొదలై పెరగనే పెరగవు. పొయ్యిలో వేడి తగలగానే ఆ ఉన్న నాలుగు బుడగలే అదాటున ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చుట్టూ ఉన్న పిండి బరువుగా అలాగే ఉండిపోతుంది. పైగా ఇలాంటి రొట్టె పొయ్యిలో బాగా ఎత్తుగా లేచి, పైన గాటు పెట్టినచోట పెద్ద చెవిలా విచ్చుకుంటుంది. బయటి నుంచి చూస్తే మూడింట్లోనూ ఇదే అందగత్తె. నేను మోసపోయింది అందుకే.

మూడు గంటల రొట్టెలో నిమ్మకాయ లేదు. అన్నిటికంటే పెద్ద కన్నం పది రూపాయల బిళ్ళలో సగం. కానీ దాన్ని మూసి చూసినా చుట్టూ ఇంకా కన్నాలే: బఠాణీ అంత, కందిగింజంత, ఆవగింజంత. పెద్దవాటికీ చిన్నవాటికీ మధ్య అన్ని సైజులూ ఉన్నాయి. ఫోటోను పెంచి చూస్తే పెద్ద కన్నాల లోపలి గోడ ఉల్లిపొరలా పల్చగా, కాస్త మెరుస్తూ ఉంది. ఆ గోడలో మళ్ళీ చిన్న కన్నాలు. కింది మూలల్లో కూడా బుడగలు విచ్చుకున్నాయి. తొమ్మిదింటికి ఎనిమిది టిక్కులు. కింద మధ్య గడి కొంచెం బిగుతుగా ఉంది.

మీకు సమయం లేక ఒక్కచోటే చూడాలనుకుంటే ఆ కింది రెండు మూలలే చూడండి. రొట్టె బరువంతా మోసేది అడుగుభాగం. అక్కడ బుడగలు నిలిచాయంటే పైన ఎలాగూ నిలుస్తాయి. పైభాగం మాత్రమే చూస్తే పులియని రొట్టె కూడా పాసైపోతుంది.

నాలుగున్నర గంటల రొట్టె చూసి తీర్పు చెప్పడం అన్నిటికంటే కష్టం. ఎందుకంటే గళ్ళలో టిక్కులు దానికీ బాగానే పడ్డాయి, ఆరు. పైనా మధ్యలోనూ చిన్నచిన్న కన్నాలు చాలా సమానంగా ఉన్నాయి. మొదటి చూపుకు "ఎంత నీటుగా వచ్చిందో" అనిపిస్తుంది. కానీ రొట్టె పల్లెంలా పరుచుకుంది. కన్నాలు గుండ్రంగా కాకుండా అడ్డంగా సాగి, పైనుంచి ఎవరో చేత్తో అదిమినట్టు ఉన్నాయి. గోడలు మెరవడం లేదు, నలిగిన దూదిలా పొడిపొడిగా ఉన్నాయి. కొన్నిచోట్ల గోడలు తెగి రెండు మూడు కన్నాలు కలిసి వంకరటింకర సందులయ్యాయి. అడుగున సన్నటి బిగుతు పట్టీ. పులియడం మితిమీరితే ఆమ్లం పెరిగి, పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ బలం కోల్పోతుంది. బుడగలైతే ఉంటాయి గానీ వాటిని మోసే ఓపిక గోడలకు ఉండదు. పొయ్యిలో పైకి లేవాల్సినప్పుడు పక్కలకు జారిపోతుంది.

దాచుకున్న రంగు ఫోటోతో ఇక్కడే పని. మూడో రొట్టె పైపెచ్చు మిగతా రెండింటికంటే పాలిపోయి ఉంది, అంతే వేడిలో అంతేసేపు కాలినా. పెచ్చు ఎర్రబడటానికి కావలసిన చక్కెరల్ని పులిసే జీవులు అప్పటికే తినేశాయి. క్రంబ్ చూసి తేల్చుకోలేనప్పుడు ఎత్తు, పెచ్చు రంగు రెండూ కలిపి చూడండి. చిన్న కన్నాలతో ఎత్తుగా, ఎర్రగా ఉంటే అది బాగా పులిసిన బిగుతు రొట్టె. చిన్న కన్నాలతో పరుచుకుని, పాలిపోయి ఉంటే పులుపు దాటిపోయింది. మే నెలలో చెన్నైలో దోసెల పిండిని మధ్యాహ్నం దాకా బయట మర్చిపోయినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు.

రెట్టింపు అయ్యేదాకా ఆగమని చాలా వంటకాల్లో రాసి ఉంటుంది కదా, మరి రెట్టింపుకే ఎందుకు దాటిపోయింది? 32 డిగ్రీల్లో ఉన్న ముద్దను ఫ్రిజ్‌లో పెట్టగానే అది చల్లబడదు. లోపలిదాకా చలి ఎక్కడానికి గంటలు పడుతుంది, ఆ గంటలన్నీ పులుస్తూనే ఉంటుంది. మన వేడికి గిన్నెలో మూడోవంతు పొంగగానే చుట్టేయాలి, మిగతాది ఫ్రిజ్‌లో పూర్తవుతుంది.

తొందరపడి తీర్పు చెప్పించే మూడు

ఒక పెద్ద కన్నం ఉంది, కానీ చుట్టూ ఎనిమిది గళ్ళూ గుల్లగా ఉన్నాయి. అది పులియకపోవడం కాదు, చుట్టేటప్పుడు ఇరుక్కున్న గాలి. ఫోటోను పెంచి ఆ కన్నం లోపలి గోడ చూడండి. నున్నగా ఉండి, అక్కడక్కడా తెల్లగా పొడిపిండి అంటుకుని ఉంటే అనుమానమే లేదు, బల్లమీద పిండి ఎక్కువ చల్లి చుట్టారు. సమయం మార్చకండి, చల్లే పిండి తగ్గించండి.

రెండోది, అడుగున తడి గీత. కన్నాలన్నీ బాగున్నా కింద ఒక సెంటీమీటరు ముదురు రంగు పట్టీ ఉండి, కోసిన కత్తికి జిగురు అంటితే అది తక్కువ కాలిందన్నమాట. కొన్ని ఓటీజీల్లో కింది రాడ్డు వేడి చాలదు. దీన్ని ఫోటోతో తేల్చడం కష్టం కాబట్టి కాల్చేరోజే లోపలి వేడి చూసి చీటీ మీద రాసుకోండి. చెన్నైలో నేను 97, 98 డిగ్రీలకు తీస్తాను. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్ళే 97 దగ్గర మరుగుతాయి. తడి ఉన్న రొట్టె లోపల అంతకుమించి ఎక్కదు. మా వదిన 98 కోసం ఎదురుచూస్తూ ఒకసారి అడుగు మాడ్చింది. అక్కడివాళ్ళు 94, 95కు తీసేయొచ్చు.

మూడోది రుచి. ఫోటోకు నాలుక లేదు. నా మూడో రొట్టె ఎంత పుల్లగా ఉందంటే పాచిపోయిన మజ్జిగ గుర్తొచ్చింది, ఆ సంగతి ఏ గడిలోనూ పడలేదు. అలాగే వేలితో నొక్కితే తిరిగి లేస్తుందా, గుంట అలాగే ఉంటుందా అన్నది కూడా ఫోటోలో రాదు. ఒక ఐదు సెకన్ల వీడియో తీసి ఫోటో పక్కనే దాచుకోండి.

కేకులకు ఈ తొమ్మిది గళ్ళు పెద్దగా నప్పవు, వాటిలో పెద్ద కన్నాలు ఉండకూడదు కాబట్టి. అక్కడ చూడాల్సింది కన్నాల దారి. అడుగు నుంచి పైకి వానపాము దూరినట్టు నిలువు సొరంగాలుంటే మైదా వేశాక పిండిని అతిగా కలిపారు. కన్నాలు గరుకుగా, పెద్దగా ఉండి నడుమ కుంగితే ముందు బేకింగ్ పౌడర్ కొలత చూసుకోండి. బిళ్ళలు సమానం చేయడం, పక్క వెలుతురు, చల్లారాక కోయడం మాత్రం కేకుకీ అంతే.

గంటలు వదిలేసి గ్లాసు పోల్చండి

నా రెండో రొట్టె ఫోటో చూసి మా వదిన కూడా మూడు గంటలే పులియబెట్టి కాల్చింది. వచ్చిన ఫోటో అచ్చం నా మొదటి రొట్టె: పైన గుహ, కింద మైనం. "నీ లెక్క తప్పు" అని ఫోను చేసింది. ఆవిడ వంటింట్లో ఆరోజు 25 డిగ్రీలు. గ్లాసులో ఎంత పొంగిందని అడిగితే, చూడలేదంది. "గంటలు చెప్పావు, గంటలు పెట్టాను" అంది. న్యాయమే.

రెండు ఊళ్ళ ఫోటోల్ని, లేదా ఒకే ఊళ్ళో మే నెల ఫోటోనీ డిసెంబరు ఫోటోనీ పోల్చాలంటే చీటీ మీద గంటలు కాకుండా గ్లాసు పొంగు, వంటింటి వేడి ఈ రెండూ ఉండాలి. బెంగళూరు చల్లదనానికి ముద్ద ఫ్రిజ్‌లో త్వరగా చల్లబడుతుంది, కాబట్టి గిన్నెలో ఇంకాస్త ఎక్కువే పొంగనివ్వాలి. ఆవిడ తర్వాతిసారి గ్లాసులో సగం పొంగేదాకా ఆగింది. ఐదు గంటలు దాటింది. కింది మూలలు రెండూ విచ్చుకున్నాయి, ఎనిమిది టిక్కులు పడ్డాయి.

నాకు మిగిలింది కింద మధ్య గడి. రెండో రొట్టెలో అదొక్కటే బిగుతుగా ఉండిపోయింది కదా. పులియడం వల్లో, అడుగు వేడి వల్లో ఫోటో ఒక్కటే చెప్పలేదు. అందుకని నాలుగో రొట్టెకు పులియడం అదే మూడు గంటలు, గ్లాసులో అదే మూడోవంతు పైన. మార్చింది ఒక్కటే: ఇనప గిన్నెను ఖాళీగా పొయ్యిలో పెట్టి వేడెక్కించే సమయం. ఇరవై నిమిషాల బదులు నలభై ఐదు. అదే స్టూలు, అదే కర్టెన్, అదే బిళ్ళ. బిళ్ళలు సమానం చేసి రెండో రొట్టె పక్కన పెడితే మిగతా ఎనిమిది గళ్ళలో తేడా కనిపెట్టలేకపోయాను. కింద మధ్య గడిలో మాత్రం కందిగింజంత కన్నాలు అడుగు పెచ్చు దాకా దిగాయి. రెండో కోతలోనూ అంతే.